కణం చుట్టూ ఏముంది? తొమ్మిదో తరగతి కణజాలాలకు ఒక రివిజన్ పట్టిక

స్థూలకోణ కణజాలం సజీవమా, నిర్జీవమా? రక్తం ఏ రకం కణజాలం? పాఠం చదివిన పిల్లలు కూడా పరీక్షలో ఇలాంటి ప్రశ్నల దగ్గరే తడబడతారు. రివిజన్ పట్టికలో నిర్మాణం, విధి అనే గడులు ఎలాగూ గీస్తాం. వాటితో పాటు ‘కణం చుట్టూ ఏముంది’ అని ఇంకో గడి గీయండి. అది సరిగ్గా నింపితే చాలా కణజాలాల పని ఏమిటో బట్టీ పట్టకుండానే చెప్పొచ్చు.

| కణజాలం | కణం చుట్టూ ఏముంది | పని | ఎక్కడ |
|---|---|---|---|
| మృదు కణజాలం | పలుచని సెల్యులోజ్ గోడ. కణాల మధ్య ఖాళీలు | ఆహార నిల్వ | బంగాళాదుంప |
| స్థూలకోణ కణజాలం | మూలల్లో మాత్రం మందమైన గోడ (సెల్యులోజ్, పెక్టిన్) | వంగుతూనే బలం ఇవ్వడం | ఆకు కాడ, లేత కాండం |
| దృఢ కణజాలం | అన్ని వైపులా లిగ్నిన్ పట్టిన మందమైన గోడ | గట్టిదనం | కొబ్బరి పీచు |
| రక్తం | ద్రవరూపంలో ఉన్న ప్లాస్మా | రవాణా | రక్తనాళాలు |
| మృదులాస్థి | సాగే గుణం ఉన్న గట్టి మాతృక | కీళ్లలో ఒరిపిడి తగ్గించడం | కీళ్లు, చెవి, ముక్కు కొన |
| ఎముక | కొల్లాజెన్, కాల్షియం, ఫాస్ఫరస్ లవణాలు | శరీరానికి ఆధారం | అస్థిపంజరం |

మొక్కలవైపు మూడు వరుసల్లో మారుతున్నది గోడ ఒక్కటే. మృదు కణజాలంలో గోడ పలుచన, లోపల చోటు ఎక్కువ. అందుకే నిల్వకు పనికొస్తుంది. బంగాళాదుంప ముక్క మీద అయోడిన్ చుక్క వేస్తే నలుపు కలిసిన నీలిరంగు వస్తుంది. ఆ కణాల నిండా పిండిపదార్థం ఉందనడానికి అదే గుర్తు.

లేత కాండానికి ఆసరా కావాలి, కానీ అది ఇంకా పొడుగు పెరుగుతూనే ఉంటుంది. గోడ అంతా లిగ్నిన్ పడితే ఇక సాగదు. అందుకే అక్కడ స్థూలకోణ కణజాలం ఉంటుంది. దాని గోడ మూలల్లోనే మందంగా ఉంటుంది కాబట్టి కణం బతికే ఉండి, కాండంతో పాటు సాగగలుగుతుంది. పెరుగుదల ఆగిపోయిన భాగాల్లో దృఢ కణజాలం పని మొదలవుతుంది. గోడ పూర్తిగా కట్టుకున్నాక లోపలి జీవపదార్థం చనిపోతుంది, ఆ తర్వాత బలమంతా గోడదే. మాగిన జామపండు గుజ్జులో పంటికి తగిలే పలుకులు కూడా ఇలాంటి కణాల గుంపులే. సూక్ష్మదర్శిని కింద తేడా తెలుసుకోవాలంటే పలుచటి ముక్కకు సాఫ్రనిన్ రంగు వేస్తారు. లిగ్నిన్ ఉన్న గోడలు ఎర్రగా కనిపిస్తాయి.

జంతువుల్లో కణానికి గోడ ఉండదు. సంయోజక కణజాలంలో కణాల మధ్య ఉండే పదార్థాన్ని మాతృక అంటారు. కణాలు దూరదూరంగా, మాతృకలో ఉండటమే ఈ వర్గానికి గుర్తు. రక్తంలో ఆ మాతృక ద్రవం, ఎముకలో గట్టి ఘనం. చూడటానికి ఏ పోలికా లేకపోయినా రెండూ ఒకే వర్గంలోకి ఎందుకు వచ్చాయో ఇప్పుడు అర్థమవుతుంది.

ఎముక మాతృకలో రెండు పదార్థాలు ఉన్నాయని ఇంట్లోనే తేల్చుకోవచ్చు. శుభ్రం చేసిన కోడికాలి ఎముకను గాజు సీసాలో వెనిగర్‌లో పూర్తిగా మునిగేలా ఉంచి, రోజు విడిచి రోజు వెనిగర్ మార్చండి. కొన్ని రోజులకు ఎముక ఆకారం మారదు గానీ, పట్టుకుని వంచితే వంగుతుంది. వెనిగర్‌లోని ఆమ్లం కాల్షియం లవణాలను కరిగించేసింది, కొల్లాజెన్ పోగులు మిగిలాయి. ఇంకా వంగకపోతే లోపలి లవణం పూర్తిగా కరగలేదన్నమాట, మరికొన్ని రోజులు ఆగాలి. మరో ఎముకను పెద్దవాళ్లు నిప్పుల్లో బాగా కాలిస్తే దీనికి సరిగ్గా వ్యతిరేకం జరుగుతుంది. కొల్లాజెన్ కాలిపోతుంది, మిగిలినది తేలిగ్గా చిట్లిపోతుంది. స్లాబులో కాంక్రీటు, ఇనుప చువ్వలు కలిసి బరువు మోసినట్టే ఎముకలోనూ లవణాలు నొక్కుడును, కొల్లాజెన్ లాగుడును తట్టుకుంటాయి.

ఈ గడి కొన్నిచోట్ల పనికిరాదు. ఉపకళా కణజాలంలో కణాలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, మధ్యలో పదార్థం దాదాపు ఉండదు. అక్కడ కణం ఆకారం, పొరల సంఖ్య చూడాలి. ఊపిరితిత్తుల వాయుగోణుల్లో ఒకే పలుచని పొర ఉంటే, చర్మంలో పొర మీద పొర ఉంటుంది. కండరాల్లో చారలు, కేంద్రకాలు చూడాలి. చారల కండరంలో ఒక్కో కణానికి చాలా కేంద్రకాలు ఉంటాయి. హృదయ కండరంలోనూ చారలున్నాయి, కానీ కణాలు శాఖలుగా చీలి ఉంటాయి, మన ఇష్టంతో పనిచేయవు. చారలు కనిపించగానే ‘నియంత్రిత కండరం’ అని రాసేస్తే మార్కు పోయేది ఇక్కడే.