గేమింగ్ ల్యాప్‌టాప్ వేడి, దుమ్ము: అపోహలు - వాస్తవాలు

రోహిణి కార్తె వచ్చిందంటే నెల్లూరు, ఒంగోలు రిపేరు షాపుల్లో ఒకటే ఫిర్యాదు. ఆట మొదలుపెట్టిన పది నిమిషాలకే ఫ్యాను విమానంలా మోగుతోంది, ఆట నత్తనడక నడుస్తోంది. "బ్లోయర్ కొట్టించాం, అయినా అంతే" అన్న మాట కూడా వెంటే వస్తుంది. అక్కడి నుంచే మొదలుపెడదాం.

అపోహ: బయట జాలీల్లోంచి బ్లోయర్ కొడితే దుమ్ము పోతుంది.

అసలు దుమ్ము జాలీ దగ్గర ఉండదు. ఫ్యాను అడుగు నుంచి గాలి పీల్చి, పక్కనే ఉన్న, చిప్పు వేడిని లాగి గాలికి వదిలే హీట్‌సింక్ రేకుల మధ్య నుంచి బయటికి తోస్తుంది. ఆ రేకులు దువ్వెన పళ్ళకన్నా దగ్గరగా ఉంటాయి. గాలితో వచ్చిన దుప్పటి నూగు, వెంట్రుకలు రేకుల లోపలి అంచున, అంటే ఫ్యానుకూ రేకులకూ మధ్య చిక్కుకుంటాయి. ఆ నూగు మీద సన్నటి పొడి పేరుకుంటుంది. చీమకుర్తి వైపైతే అది రాతి పొడి, రైసు మిల్లుల దగ్గరైతే ఊక దుమ్ము. సముద్రపు తేమ తగిలాక అంతా కలిసి కంబళి ముక్కలా గట్టిపడుతుంది. ఫ్యాను విప్పి చూస్తే రేకుల వెడల్పు పొడవునా బూడిదరంగు పట్టీ ఒకటి అతుక్కుని కనిపిస్తుంది, పట్టకారుతో లాగితే చెక్కుచెదరకుండా ఒకే ముక్కగా ఊడి వస్తుంది.

అడుగు జాలీలోంచి బ్లోయర్ కొడితే ఈ పట్టీ రేకులకు ఇంకా గట్టిగా అదుముకుంటుంది. వెనక నుంచి కొడితే లోపలికి జరిగి ఫ్యాను డబ్బాలో పడుతుంది. రెండు రోజులు బాగున్నట్టే ఉండి, మళ్ళీ వచ్చి అక్కడే కూర్చుంటుంది. పైగా బ్లోయర్ గాలికి ఫ్యాను తన హద్దు దాటి తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది, ఆ తర్వాత వచ్చే గరగర ఇక పోదు. పంక్చర్ షాపు కంప్రెసర్ గాలి అసలు వద్దు, దాంట్లో నీళ్ళూ నూనే కలిసి వస్తాయి.

చేయాల్సిన పద్ధతి ఇది. వారంటీ ఉంటే ముందు దాని షరతులు చూసుకోండి. స్లీప్‌లో పెట్టకుండా పూర్తిగా షట్‌డౌన్ చేసి చార్జర్ తీసేయండి. అడుగు స్క్రూలు అన్నీ ఒకే పొడవు ఉండవు. కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చండి. పొడుగు స్క్రూ పొట్టి దాని చోట బిగిస్తే పైభాగం మీద బుడిపె లేస్తుంది. మూత అంచుల్లో పాత ఏటీఎం కార్డు దూర్చి తీయాలి, ఇనుప స్క్రూడ్రైవర్‌తో ఎత్తకూడదు. మూత తీయగానే మొదటి పని బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం. వైర్లు పట్టి లాగకుండా కనెక్టర్‌నే పట్టుకుని కదపండి.

తర్వాత ఫ్యాను స్క్రూలు, దాని చిన్న వైరు. ఫ్యానుకూ రేకులకూ మధ్య సందు మీద నల్లటి టేపు ఉంటుంది, దాన్ని చింపకుండా మెల్లగా ఎత్తాలి. ఫ్యాను పక్కకు తీసి, పట్టీని పట్టకారుతో లాగేసి, మిగిలింది మెత్తటి పెయింటు బ్రష్షుతో దులపండి. ఇప్పుడు బ్లోయర్‌కి పనుంది. బయటి వైపు నుంచి లోపలికి, జానెడు దూరంలో, ఆగి ఆగి కొట్టండి. ఫ్యాను రెక్కలు తుడిచేటప్పుడు వేలితో ఆపి పట్టుకోండి. బిగించేటప్పుడు ఆ నల్లటి టేపును సందు మీద సరిగా అతికించాలి. చాలామంది వదిలేసేది ఇదే. టేపు లేచి ఉంటే గాలి రేకుల్లోకి పోకుండా ల్యాప్‌టాప్ లోపలే చిమ్ముతుంది, శుభ్రం చేశాక వేడి పెరిగిందంటే ముందు అక్కడ చూడాలి.

అపోహ: వేసవిలో వేడెక్కిందంటే దుమ్ము పట్టినట్టే.

హీట్‌సింక్ గది గాలికన్నా చల్లగా చేయలేదు. గది ఎంత వేడిగా ఉంటే, ప్రాసెసర్ దాదాపు అంతే మేర పైకి పోతుంది. కాబట్టి చూడాల్సింది ప్రాసెసర్ అంకెను కాదు, గదికీ దానికీ ఉన్న తేడాను.

ఒక లెక్క వేద్దాం. ఆటను సెకనుకు 60 ఫ్రేములు దాటకుండా కట్టేసి, అదే సీను పావుగంట నడిపి, వేడిని చూపే HWiNFO ప్రోగ్రాంలో చూశారనుకోండి. జనవరిలో గది 27 డిగ్రీలు, ప్రాసెసర్ 76. తేడా 49. మే నెలలో గది 37, ప్రాసెసర్ 92. తేడా 55. పెరిగిన 16లో 10 ఎండవి, 6 మాత్రమే దుమ్మువో, చిప్పుకూ హీట్‌సింక్‌కూ మధ్య పూసే పేస్టువో. శుభ్రం చేస్తే 86కి కాస్త అటూఇటూ రావాలి, 76 రాలేదని మెకానిక్‌తో గొడవపడి లాభం లేదు. ఫ్రేములు కట్టేయడం ఎందుకంటే, ప్రాసెసర్ తన హద్దుకు చేరితే (చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్ చిప్పులకు 100 డిగ్రీల దగ్గర) వేగం తగ్గించుకుని అక్కడే నిలబడుతుంది. అప్పుడు జనవరికీ మే నెలకీ తేడా అంకెల్లో కనపడదు. ఫ్యాను కూడా రెండుసార్లూ ఒకే మోడ్‌లో ఉండాలి.

అపోహ: ముందు పేస్టు మార్చాలి.

పేస్టు జోలికి పోయే ముందు చేయి పెట్టి చూడండి. ఫ్యాను గట్టిగా మోగుతూ, వెనక నుంచి వచ్చే గాలి పలచగా, బాగా వేడిగా ఉంటే దారి మూసుకుపోయింది, అది దుమ్మే. వేడి కూడా పది పదిహేను నిమిషాల మీద మెల్లగా ఎక్కుతుంది. గాలి ధారాళంగా, గోరువెచ్చగా వస్తూ, ఆట మొదలుపెట్టిన సెకన్లలోనే ప్రాసెసర్ 50 నుంచి 95కి ఎగబాకితే వేడి చిప్పు నుంచి రాగి గొట్టానికి చేరడం లేదు. అప్పుడు పేస్టు, లేదా వదులైన హీట్‌సింక్ స్క్రూ. పేస్టు ఎండిపోయి పగలడమే కాదు, చిప్పు వేడెక్కి చల్లారిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా అంచులకు జరిగిపోతుంది కూడా.

పీఎస్5 వాళ్ళు మాత్రం హీట్‌సింక్ విప్పొద్దు. దాని చిప్పు మీద ఉన్నది ద్రవ లోహం, కరెంటు పారే రకం. ఒక్క బొట్టు బోర్డు మీద పడితే అంతే. దానికి పక్క పలకలు జరిపి తీస్తే దుమ్ము పేరుకునే రంధ్రాలు విడిగా ఇచ్చారు, వ్యాక్యూమ్‌తో అక్కడ పీల్చేస్తే చాలు. తలుపులున్న టీవీ షోకేసులో పెట్టి ఫ్యాను మోగుతోందంటే మాత్రం, అది వదిలిన వేడిగాలినే తిరిగి పీలుస్తోంది.

అపోహ: కూలింగ్ ప్యాడ్ గానీ, ఎదురుగా నీళ్ళ కూలర్ గానీ పెడితే సరిపోతుంది.

రేకులు మూసుకుపోయినప్పుడు ప్యాడ్ చేయగలిగేది తక్కువ. శుభ్రంగా ఉన్న ల్యాప్‌టాప్‌కైతే వెనక కాళ్ళ కింద రెండు సీసా మూతలు పెట్టి ఎత్తినా అడుగు నుంచి గాలి ఆడుతుంది. నీళ్ళ కూలర్‌ది వేరే సమస్య. ఎదురుగా పెడితే తుంపర, తేమ ల్యాప్‌టాప్‌లోకి పోయి దుమ్మును బురద చేస్తాయి. బోరు నీళ్ళు ఉప్పగా ఉండే ఊళ్ళలోనైతే తుంపర ఆరాక తెల్లటి పొర మిగులుతుంది. గదిలో కూలర్ వాడుకోండి, దాని ముఖం మాత్రం ల్యాప్‌టాప్ వైపు తిప్పొద్దు.

శుభ్రం చేశాక కూడా మే నెల మధ్యాహ్నాలు గడవకపోతే, ప్రాసెసర్ వేగాన్ని మామూలుకన్నా పైకి పెంచే టర్బోను ఆపి చూడండి. అడ్మిన్ టెర్మినల్‌లో:

```
powercfg /setacvalueindex SCHEME_CURRENT SUB_PROCESSOR PROCTHROTTLEMAX 99
powercfg /setactive SCHEME_CURRENT
```

చాలా ల్యాప్‌టాప్‌లలో దీంతో వేడి బాగా తగ్గుతుంది, ఫ్యాను నెమ్మదిస్తుంది. గ్రాఫిక్స్ చిప్పు మీద ఆధారపడే ఆటల్లో ఫ్రేములు పెద్దగా పడవు. ప్రాసెసర్ మీద ఆధారపడే వాటిలో పడతాయి. వానలు మొదలయ్యాక 99 బదులు 100 పెట్టి అవే రెండు లైన్లు మళ్ళీ కొట్టండి.