అద్దం ప్రశ్న మింగిన మార్కులు

చిత్తూరులో మా వీధి చివర ఉండే సైన్సు టీచరమ్మ పోయిన నెలలో ఒక సాయంత్రం పది పేపర్లు పట్టుకుని మా ఇంటికొచ్చింది. ట్యూషన్ పిల్లలకు ఐదు బిట్ల చిన్న పరీక్ష పెట్టిందట. "మార్కులన్నీ తారుమారుగా ఉండాయి సార్. బాగా చదివే పాపకూ మూడే, పుస్తకం ముట్టని పిల్లోడికీ మూడే. పేపరు తప్పా, పిల్లోళ్లు తప్పా?" అని అడిగింది. నేను చాలా ఏళ్లు బీఈడీ కాలేజీలో మూల్యాంకనం చెప్పినవాణ్ణి. ఇలాంటి ప్రశ్న దొరికితే కాఫీ చల్లారిపోయినా పట్టదు.

పేపర్లలోని ఒప్పులను 1గా, తప్పులను 0గా ఒక కాగితం మీద వేశాం. అడ్డ వరస ఒక్కో పిల్లది, నిలువు వరస ఒక్కో ప్రశ్నది.

```
 1:  1 1 1 1 0
 2:  1 1 1 1 0
 3:  1 1 1 0 0
 4:  1 1 0 1 0
 5:  1 1 1 0 0
 6:  1 0 1 0 1
 7:  1 1 0 0 1
 8:  1 0 0 0 1
 9:  0 0 0 0 1
10:  0 0 0 0 0
```

పరీక్ష మార్కును ఎంతవరకు నమ్మొచ్చో చెప్పేదాన్ని విశ్వసనీయత అంటారు. దాన్ని తేల్చడానికి సూటి దారి అదే పరీక్షను మళ్లీ పెట్టి చూడడం. కానీ రెండోసారికి పిల్లలకు జవాబులు గుర్తుంటాయి, టీచరుకు తీరిక ఉండదు. అందుకని ఒకే పరీక్ష లోపలే సాక్ష్యం వెతుకుతారు. మండీలో మామిడి లోడు దిగినప్పుడు కాయనంతా చూడలేక నాలుగైదు బుట్టలు విప్పి చూస్తాం కదా. అన్ని బుట్టలూ ఒకే మాట చెబితే లోడు సంగతి తెలిసినట్టే. ఒక బుట్టలో పండు, ఇంకోదాంట్లో పిందె వస్తే ఏమీ తేలనట్టు. ప్రశ్నలు కూడా అలాంటి బుట్టలే. అవి ఒకదానితో ఒకటి ఎంత పొసగుతున్నాయో చెప్పే సంఖ్యను అంతర్గత స్థిరత్వం అంటారు.

ఒప్పు, తప్పు అని మాత్రమే దిద్దే ప్రశ్నలకు కూడర్, రిచర్డ్‌సన్ అనే ఇద్దరు 1937లో ఒక సూత్రం ఇచ్చారు. వాళ్ల వ్యాసంలో అది 20వ సూత్రం, ఆ అంకే దాని పేరైపోయింది. ఒక ప్రశ్నకు రెండు, నాలుగు మార్కులు ఉండే పేపర్లకు వాడే ఆల్ఫాను 1951లో క్రాన్‌బాక్ ప్రచారంలోకి తెచ్చాడు. ఒక్క మార్కు బిట్లకు రెండూ ఒకే విలువ ఇస్తాయి.

```
KR-20 = (k / (k - 1)) × (1 - Σpq / σ²)
```

ఇందులో k ప్రశ్నల సంఖ్య. p ఒక ప్రశ్నకు ఒప్పు రాసినవాళ్ల భాగం, q తప్పు రాసినవాళ్ల భాగం. మొదటి ప్రశ్నకు పదిమందిలో ఎనిమిదిమంది ఒప్పు రాశారు కాబట్టి 0.8 × 0.2 = 0.16. అది ఆ ఒక్క ప్రశ్న విస్తృతి, అంటే మార్కుల చెదురు. మిగతావాటికి వరసగా 0.24, 0.25, 0.21, 0.24. అన్నీ కలిపితే 1.10. ఇక పిల్లల మొత్తం మార్కులు 4, 4, 3, 3, 3, 3, 3, 2, 1, 0. వీటి విస్తృతి σ² = 1.44.

అసలు కిటుకు ఈ రెండు అంకెల మధ్యే ఉంది. ప్రశ్నలకు ఒకదానితో ఒకటికి ఏ సంబంధమూ లేకపోతే మొత్తం మార్కుల విస్తృతి సరిగ్గా విడి విస్తృతుల మొత్తమే అవుతుంది, సూత్రం సున్నా ఇస్తుంది. ఒకటి వచ్చినవాడికి రెండోదీ వస్తుంటే పైవాళ్లు ఇంకా పైకి, కిందివాళ్లు ఇంకా కిందికి పోయి మొత్తం విస్తృతి పెరుగుతుంది. అలా పెరిగిన భాగాన్నే సూత్రం కొలుస్తుంది. మనకు 1.10, 1.44 పక్కపక్కనే ఉన్నాయి. లెక్క కడితే 0.30 వచ్చింది.

ఎక్సెల్‌లో చేసేవాళ్లకు ఒక మాట. మొత్తం మార్కుల విస్తృతికి `VAR.P` వాడాలి. `VAR.S` వాడితే 1.44 కాస్తా 1.60 అయ్యి, విశ్వసనీయత ఊరికే 0.39కి ఎక్కుతుంది. నలభైమంది క్లాసులో ఈ తేడా కనపడదు గానీ పదిమందిలో బాగా కనపడుతుంది.

0.30 అంటే మార్కుల్లో కనిపించే తేడాల్లో ముప్పై శాతమే నిజమైన తేడాలని, మిగతాది చెత్త అని స్థూలంగా అనుకోవచ్చు. అయితే ఆ చెత్త ఎక్కడిదో ఈ సంఖ్య చెప్పదు. పేపర్లోకి వెళ్లి చూడాల్సిందే. అందుకే ఒక్కో ప్రశ్ననూ పక్కనపెట్టి, మిగతా నాలుగింటి మార్కులతో పిల్లల్ని వరసపెట్టి చూశాం. పై ఐదుగురికీ కింది ఐదుగురికీ ఆ ప్రశ్న ఎలా వచ్చిందో పోల్చాం. మొదటి నాలుగు ప్రశ్నలూ పైవాళ్లకే ఎక్కువ వచ్చాయి. ఐదోది మాత్రం పైవాళ్లలో ఒక్కరికీ రాలేదు, కిందివాళ్లలో నలుగురికి వచ్చింది.

"ఐదోది ఏమడిగావమ్మా?"

"బస్సు డ్రైవరు పక్కనుండే కుంభాకార అద్దంలో ప్రతిబింబం ఎట్లుంటుందని సార్."

'కీ'లో జవాబు 'నిజ ప్రతిబింబం' అని ఉంది. కుంభాకార దర్పణం ఎదుట నిజమైన వస్తువును ఎంత దూరంలో పెట్టినా వచ్చేది మిథ్యా ప్రతిబింబమే, అదీ చిన్నదిగా. పుటాకార దర్పణం మనసులో పెట్టుకుని ఆమె 'కీ' రాసేసింది. పైనున్న ఐదుగురూ మిథ్యా అనే రాశారు. వాళ్లకు సున్నా పడింది, గుడ్డిగా టిక్కు కొట్టినవాళ్లకు మార్కు దక్కింది.

'కీ' దిద్దాక మొత్తాలు 5, 5, 4, 4, 4, 2, 2, 1, 0, 0 అయ్యాయి. విస్తృతి 3.41కి పెరిగింది. విడి విస్తృతుల మొత్తం 1.11 దగ్గరే ఉంది. విశ్వసనీయత 0.84. ఐదో ప్రశ్నను దిద్దకుండా తీసేసి ఉంటే 0.75 దగ్గర ఆగేది. ఆమె చెప్పిన పాప మూడో నంబరు, పిల్లోడు ఆరో నంబరు. మూడూ మూడూగా ఉన్న వాళ్ల మార్కులు ఇప్పుడు నాలుగు, రెండు.

తక్కువ విలువ వచ్చిన ప్రతిచోటా ఇలాంటి తప్పే దొరుకుతుందనుకోకూడదు. పాఠం బాగా ఒంటపట్టి క్లాసంతా పదికి తొమ్మిదో పదో తెచ్చుకున్నా ఈ సంఖ్య పడిపోతుంది. పిల్లల మధ్య తేడాయే లేనప్పుడు సూత్రానికి కొలవడానికి ఏముంటుంది? అప్పుడు తక్కువ విలువకు అర్థం, ఆ మార్కులతో పిల్లల్ని వరసపెట్టొద్దని మాత్రమే. అందరికీ పాఠం వచ్చిందన్న మాట చెదరదు. దీన్ని చూసి మంచి పేపరును చించేసిన టీచర్లు నాకు తెలుసు.

ఇంకో కారణం మరీ మామూలుది. ప్రశ్నలు చాలక కూడా విలువ తగ్గుతుంది. పది ప్రశ్నల పేపరు 0.50 ఇస్తే, అదే రకం ప్రశ్నలు ఇంకో పది చేరిస్తే 0.67 వస్తుందని స్పియర్‌మన్, బ్రౌన్‌లు 1910లో చూపిన లెక్క చెబుతుంది. 0.80 కావాలంటే నలభై ప్రశ్నలు ఉండాలి. క్లాసు పరీక్షకు నలభై ఎవరూ పెట్టరు. నాలుగు చిన్న పరీక్షల మార్కులు కలుపుకుంటే దాదాపు అదే పని అవుతుంది. ఒకే ప్రశ్నను నాలుగు రకాలుగా తిప్పి అడిగినా విలువ పెరుగుతుంది గానీ, అప్పుడు పరీక్ష కొలిచేది పాఠంలో ఒక మూలనే.

మా 0.84ను కూడా నేను గట్టిగా పట్టుకోను. పదిమందిలో ఒక్క పిల్ల ఒక్క టిక్కు మార్చినా అది కదులుతుంది.

"అయితే ఫస్టు ర్యాంకు ఇద్దరికీ ఇచ్చేదా సార్?" అంది ఆమె పేపర్లు సర్దుకుంటూ. ఇంకో చిన్న లెక్క వేశాం. దిద్దిన మార్కుల విస్తృతి 3.41కి వర్గమూలం, అంటే ప్రామాణిక విచలనం, 1.85. దాన్ని (1 − 0.84) వర్గమూలంతో గుణిస్తే దాదాపు 0.74. ఒక్కో మార్కులో ఉండగల మామూలు పొరపాటు అది. ఇద్దరి మార్కుల తేడాకైతే ఆ పొరపాటు ఇంకా పెరిగి ఒక మార్కు దాటుతుంది. అంటే ఐదుకూ నాలుగుకూ మధ్య తేడా ఉందని ఈ పేపరుతో చెప్పలేం. నాలుగుకూ సున్నాకూ మధ్య ఉందని మాత్రం ధైర్యంగా చెప్పొచ్చు. ఆమె కాసేపు ఆలోచించి, రిజిస్టరులో మార్కులు దిద్దుకుని, ర్యాంకుల గడి ఖాళీగా వదిలేసింది.