‘ఓ’ వినబడితే మూడు తలుపులు

సూర్యోదయం, మనోహరం, వయోధికుడు. మూడు మాటల మధ్యలోనూ ఓకారమే ఉంది, కానీ అది ఒక్కోచోట ఒక్కో దారిన వచ్చింది. బడిలో సూర్య + ఉదయం అని విడదీసి ఇచ్చి సంధి పేరు అడుగుతారు. చదివేవాళ్లకు ఎదురయ్యేది దీనికి తలకిందుల లెక్క: మాట అతికించి ఉంటుంది, అతుకును వాళ్లే వెతుక్కోవాలి.

సూర్యోదయంలో అ, ఉ కలిసి ఓ అయ్యాయి. ఇది గుణసంధి. మనోహరంలో ఉకారమే లేదు; మనః అన్న పదంలోని ‘అః’, హకారం ముందు ఓ అయింది. వయోధికుడిలో వయః పక్కన అధికుడు ఉన్నాడు. విసర్గ ఓ కాగానే అధికుడిలోని అ లోపించింది. సంస్కృత గ్రంథాల్లో అక్కడ ఽ గుర్తు పెడతారు. తెలుగు రాతలో అది మామూలుగా కనబడదు, పోయిన అకారాన్ని మనమే తిరిగి చేర్చుకోవాలి.

అందుకే ఓకారం తర్వాతి ముక్కను మూడు రకాలుగా చదివి చూడాలి: ముందు ఉ చేర్చి, ఏమీ చేర్చకుండా, అ చేర్చి. రెండో దారిని ఒక్కోసారి చూడగానే కొట్టేయవచ్చు. క, చ, ట, త, ప లాంటి పరుషాల ముందు ‘అః’ ఓ కాదు. అధోగతి ఉంది గానీ అధోపతనం లేదు, అది అధఃపతనమే. పరోపకారంలో ఓ తర్వాత ప ఉంది కాబట్టి ‘పరః + పకారం’ అన్న ఆలోచనే అక్కర్లేదు. అది పర + ఉపకారం.

ఇప్పుడు పత్రికలకు ఇష్టమైన సర్వతోముఖాభివృద్ధిని తీసుకుందాం. కుడినుంచి మొదలుపెడితే సులువు. ‘ఖా’ దగ్గర కోస్తే మిగిలే ‘భివృద్ధి’ పదం కాదు. దీర్ఘంలో ఒక అకారం దాగి ఉందన్నమాట. ముఖ + అభివృద్ధి, సవర్ణదీర్ఘసంధి. ఇక ‘తో’. ‘ఉముఖ’ అనే పదం లేదు. ‘ముఖ’ ఉంది. చిక్కంతా మూడో దారితోనే: సర్వతః + అముఖ అన్నా సంధి సూత్రం అడ్డు చెప్పదు, అప్పుడూ సర్వతోముఖ అనే వస్తుంది! కానీ సర్వతః అంటే అన్ని వైపులా, అముఖం అంటే ముఖం లేనిది. అన్ని వైపులా ముఖం ఉన్న అభివృద్ధి కాస్తా ఏ వైపూ ముఖం లేని అభివృద్ధి అవుతుంది. ఇక్కడ తీర్పు చెప్పేది అక్షరం కాదు, వాడుక.

చివరి ముక్కలో అభి ఉపసర్గ, అది తేలిగ్గానే విడిపోతుంది. కొందరు ఆ ఊపులో వృద్ధిని కూడా ‘వృద్ + ధి’ అని కోస్తారు. పయోధిలో (పయః + ధి, నీటిని ధరించేది) చివరి ‘ధి’కి ధరించడమనే అర్థం ఉంది కదా అని వాళ్ల వాదన. వృద్ధిలో ఆ ‘ధి’ లేదు. పెరగడమనే అర్థమున్న వృధ్ ధాతువుకు ‘తి’ ప్రత్యయం చేరితే, ధ్, త రెండూ కలిసి ‘ద్ధ’ అయ్యాయి. బుధ్ నుంచి బుద్ధి, సిధ్ నుంచి సిద్ధి వచ్చిందీ ఇలాగే.