సున్నాను ఎన్నిసార్లు హెచ్చవేసినా

అమెరికాలో ఉన్న మా అక్క దోసె పెనం మీద నూనె స్ప్రే కొడుతుంది. డబ్బా వెనక పట్టికలో కేలరీలు 0, కొవ్వు 0 గ్రాములు అని ఉంటుంది. డబ్బాలో ఉన్నదేమో దాదాపు అంతా నూనే. ఇందులో అబద్ధమేమీ లేదు. చిక్కంతా పట్టిక పై వరుసలో ఉంది: ఒక సర్వింగ్ అంటే పావు సెకను పాటు నొక్కిన స్ప్రే, అంటే పావు గ్రాము. అంత తక్కువసేపు మీట నొక్కి వదిలే వంటవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు.

ఈ సర్వింగ్ కొలత ఎక్కడి నుంచి వచ్చింది? అమెరికాలో 1970లలో పోషకాల పట్టిక చాలా ఆహారాలకు ఐచ్ఛికంగానే ఉండేది. సర్వింగ్ ఎంతో తయారీదారే నిర్ణయించుకునేవాడు. కేలరీలు తక్కువగా చూపాలంటే సర్వింగ్‌ను చిన్నది చేస్తే సరిపోయేది. 1990లో వచ్చిన పోషకాహార లేబులింగ్ చట్టం ఆ వెసులుబాటును తీసేసింది. సర్వింగ్ అంటే జనం మామూలుగా తినే పరిమాణం అని చట్టమే చెప్పింది. అంతేకానీ తినవలసిన పరిమాణం అనలేదు. ఈ తేడాను చాలామంది ఇప్పటికీ గమనించరు, పట్టికలో ఉన్నదాన్ని వైద్యుడి సలహాలా చదువుతారు.

ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 1977-78, 1987-88 నాటి జాతీయ ఆహార సర్వేలను ముందు పెట్టుకుని, ఒక్కో రకం ఆహారానికి ఒక్కో ప్రామాణిక పరిమాణాన్ని 1993లో ప్రకటించింది. ఐస్‌క్రీమ్‌కు అరకప్పు, శీతల పానీయానికి 240 మిల్లీలీటర్లు. మరుసటి ఏడాది నుంచి ఇవే పట్టికలకెక్కాయి.

జనం తిండి మాత్రం అక్కడే ఆగలేదు. 591 మిల్లీలీటర్ల పానీయం సీసా మామూలైపోయింది. పట్టికలో రెండున్నర సర్వింగులని ఉన్నా, కొన్నవాళ్లు మూత తీసి మొత్తం తాగేసేవారు. 2016లో ఎఫ్‌డీఏ కొత్త సర్వేల ఆధారంగా కొలతలు మార్చింది. పానీయం 360 మిల్లీలీటర్లకు, ఐస్‌క్రీమ్ కప్పులో మూడింట రెండు వంతులకు పెరిగాయి. పెరుగు మాత్రం 225 గ్రాముల నుంచి 170కి తగ్గింది. సలహా కాదు, అలవాటుకు అద్దం అనడానికి ఇంతకంటే రుజువు అక్కరలేదు. ప్యాకెట్‌లో ఉన్నది ప్రామాణిక పరిమాణానికి రెండింతలు కూడా లేకపోతే అదంతా ఒకే సర్వింగ్ అని కూడా అప్పుడే తేల్చారు. రెండు నుంచి మూడింతల మధ్య ఉంటే సర్వింగుకు ఒక వరుస, మొత్తం డబ్బాకు ఒక వరుస పక్కపక్కనే అచ్చు వేయాలి. పెద్ద కంపెనీలకు 2020 జనవరి దాకా గడువిచ్చారు.

రెండు కప్పులు పట్టే ఐస్‌క్రీమ్ డబ్బాలో 800 కేలరీలున్నాయనుకుందాం. పాత లెక్కలో నాలుగు సర్వింగులు, ఒక్కోటి 200. కొత్త లెక్కలో మూడే, ఒక్కోటి 270. మూడు 270లు 810 కదా అనవచ్చు. 50 దాటిన కేలరీలను దగ్గరి పదికి సరిచేసి వేస్తారు, అందుకే ఆ పది ఎక్కువ.

సర్వింగ్ పెద్దదైతే ఈ సవరణ వల్ల పెద్ద నష్టం లేదు. చిన్నదైతేనే ముప్పు. 5 కేలరీల లోపైతే 0 అని, అర గ్రాము లోపు కొవ్వైతే 0 అని వేసుకోవచ్చు. పావు గ్రాము నూనెలో కేలరీలు రెండు పైచిలుకే కాబట్టి సున్నా అయింది. అక్క అయిదు సెకన్లు కొడితే 20 సర్వింగులు. పట్టికను నమ్మి హెచ్చవేస్తే ఇరవై సున్నాలు సున్నాయే. నిజానికి పడినది దాదాపు 5 గ్రాముల నూనె, అంటే 45 కేలరీలు. ఇలాంటి సున్నా కనిపిస్తే సర్వింగ్ పక్కన ఉన్న గ్రాములను, తర్వాత పదార్థాల జాబితాలో మొదటి పేరును చూడాలి. అక్కడ నూనె అని ఉంటే లెక్క దానితోనే మొదలుపెట్టాలి.

మన దేశంలో ఈ సమస్య వేరే చోట ఉంది. ఇక్కడి ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం పోషకాలను వంద గ్రాములకు చూపవచ్చు, ఆ గడితో పేచీ లేదు. రోజువారీ అవసరంలో ఎంత శాతం అన్న అంకె మాత్రం ఒక సర్వింగుకు ఇస్తారు. అమెరికాలోలా ఆహారాలవారీ ప్రామాణిక జాబితా లేనందున ఆ సర్వింగును కంపెనీయే ఎంచుకుంటుంది. 150 గ్రాముల మిక్స్చర్ ప్యాకెట్‌లో వంద గ్రాములకు 700 మిల్లీగ్రాముల సోడియం, సర్వింగ్ 30 గ్రాములు అనుకుందాం. రోజుకు 2000 మిల్లీగ్రాముల ప్రమాణంతో పట్టికలో కనిపించేది పదిన్నర శాతం. సినిమా చూస్తూ ప్యాకెట్ ఖాళీ చేసినవాడి ఒంట్లోకి చేరేది 1050 మిల్లీగ్రాములు, అంటే ఆ రోజు మొత్తానికి సరిపోయేదానిలో సగం పైనే.