చీర లిస్టింగ్‌లో కీవర్డ్‌లు కుక్కితే: అపోహలు – వాస్తవాలు

మంగళగిరి నేత చీరలు ఆన్‌లైన్‌లో అమ్మే ఒక కుటుంబానికి నేను లిస్టింగ్‌లు రాస్తాను. నా చేతికి వచ్చినప్పుడు మొదటి బుల్లెట్ ఇలా ఉంది: ‘కాటన్ శారీ, కాటన్ శారీ ఫర్ విమెన్, హ్యాండ్లూమ్ కాటన్ శారీ, మంగళగిరి కాటన్ శారీ విత్ బ్లౌజ్’. కాటన్ శారీ నాలుగుసార్లు ఉంది. చీర పొడవు మాత్రం ఎక్కడా లేదు.

అపోహ: పదం ఎన్నిసార్లు వస్తే సెర్చ్‌లో అంత పైకి వెళ్తాం.

వాస్తవం: టైటిల్‌లో ఒకసారి ఉన్న పదాన్ని సెర్చ్ పట్టుకుంటుంది. మళ్లీ మళ్లీ రాస్తే కొత్తగా ఒరిగేదేమీ లేదు, చదివేవాళ్లకు విసుగు తప్ప. 2025 జనవరి నుంచి అమెజాన్ చాలా కేటగిరీల్లో టైటిల్‌లో ఒకే పదం రెండుసార్లకు మించి రాకూడదని నియమం కూడా పెట్టింది.

ఆ బుల్లెట్‌ను ఇలా మార్చాను: ‘చీర 5.5 మీటర్లు, దాంతోపాటు 0.8 మీటర్ల బ్లౌజ్ ముక్క. బ్లౌజ్ పల్లూ చివర కలిసే ఉంటుంది, కత్తిరించి కుట్టించుకోవాలి.’ కొనేవాళ్లు మెసేజ్‌లో అడిగే ప్రశ్నే ఇది. నేను బుల్లెట్‌లు రాసేముందు ఆ ప్రశ్నలనే ముందు పెట్టుకుంటాను: కొలత, బట్ట, అంచు, ఉతుకు, పెట్టెలో ఏం వస్తుంది. ఒక్కో బుల్లెట్‌కు ఒక్కటే.

అపోహ: `saree`, `sari`, ‘చీర’ అన్నీ బుల్లెట్‌లలోనే ఉండాలి.

వాస్తవం: వాటి చోటు వెనకాల కొనేవాళ్లకు కనిపించని సెర్చ్ టర్మ్స్ పెట్టె. కామాలు అక్కర్లేదు, టైటిల్‌లో ఉన్న పదాలు మళ్లీ అక్కర్లేదు. అక్కడి పరిమితి బైట్లలో లెక్కిస్తారు. `saree`కి 5 బైట్లు పడితే ‘చీర’కు 9 పడతాయి, ఎందుకంటే తెలుగులో అక్షరానికీ గుణింతపు గుర్తుకూ విడివిడిగా 3 బైట్లు. కాబట్టి తెలుగు పదాలు ఏరి పెట్టుకోవాలి. పరిమితి దాటితే ఆ పెట్టెలోని పదాలేవీ పనిచేయకపోవచ్చు.

అపోహ: వివరణలో లోపాలు చెబితే అమ్మకం పోతుంది.

వాస్తవం: చెప్పకపోతే చీరే వెనక్కి వస్తుంది. మా లిస్టింగ్‌లో పాత వివరణ ‘సిల్క్ లాంటి మెత్తని చీర’ అనేది. మంగళగిరి కాటన్ కొత్తలో బిరుసుగానే ఉంటుంది. పట్టులా జారుతుందని ఆశపడి తెప్పించుకున్నవాళ్లు తిప్పి పంపక ఏం చేస్తారు? ‘సిల్క్’ అనే పదం సెర్చ్‌లో మనుషుల్ని తెచ్చిందేమో గానీ, వాళ్లు వెతుకుతున్నది మా చీర కాదు. దాన్ని తీసేశాను.

ఇప్పుడు అక్కడ ఇలా ఉంది: ‘ఒళ్లంతా ప్లెయిన్, అంచు మాత్రం జరీతో నిజాం బోర్డర్. మొదట్లో బట్ట కాస్త బిరుసుగా ఉంటుంది, ఉతికేకొద్దీ మెత్తబడుతుంది. మొదటి ఉతుకులో రంగు కొంచెం దిగవచ్చు, విడిగా చల్లనీళ్లలో జాడించండి. కట్టేముందు ఇస్త్రీ కావాలి.’