కాన్‌బాన్ బోర్డు: అపోహలు - వాస్తవాలు

"లిమిట్ నిండిపోయింది. నా పని అయిపోయింది. ఇక నేను ఖాళీగా కూర్చోవాలా?" చిన్న బృందాలకు కాన్‌బాన్ బోర్డు పెట్టించే ప్రతిచోటా మొదటి వారంలోనే నాకీ ప్రశ్న ఎదురవుతుంది. ఒక్కో పనినీ ఒక కార్డు మీద రాసి, అది ఏ దశలో ఉందో ఆ కాలమ్‌లో పెట్టి చూపేదే కాన్‌బాన్ బోర్డు. ఒక కాలమ్‌లో ఒకేసారి ఇన్ని కార్డులకు మించి ఉండకూడదన్న హద్దే విప్ లిమిట్. అడిగేవారి తప్పేమీ లేదు. చేతిలో కార్డు లేకపోతే పైవాళ్లు ఏమనుకుంటారో అన్న భయం నిజమైనదే. నాకు విసుగు తెప్పించేది ఆ భయం కాదు, "విప్ లిమిట్ పెడితే పని తగ్గిపోతుందట" అంటూ ఎవరూ పరీక్షించి చూడకుండానే చేరవేసే మాట.

అపోహ: ఎక్కువ పనులు మొదలుపెడితే ఎక్కువ పనులు పూర్తవుతాయి.

నేను కొంతకాలం పనిచేసిన ఐదుగురి బృందం సంగతి చెబుతాను. ముగ్గురు కోడ్ రాసేవారు, ఒకరు డిజైన్, ఒకరు టెస్టింగ్. బోర్డు మీద 'చేస్తున్నవి' కాలమ్‌లో 8 కార్డులు, 'సమీక్ష'లో 3, 'టెస్టింగ్'లో 7 ఉండేవి. అంటే మొదలుపెట్టి పూర్తికానివి 18. వారానికి సగటున 6 పూర్తయ్యేవి. 18ని 6తో భాగిస్తే 3. ఒక్కో కార్డు మొదలైన రోజు నుంచి పూర్తయ్యే దాకా సగటున మూడు వారాలు. దీన్నే లిటిల్ సూత్రం అంటారు. పనులు వచ్చే వేగం, పూర్తయ్యే వేగం కొంతకాలం దాదాపు సమానంగా ఉంటే ఈ లెక్క సరిపోతుంది. పూర్తయ్యే వేగం మారకపోయినా, మధ్యలో ఉన్నవాటిని 9కి తగ్గిస్తే అదే కార్డు వారంన్నరలో బయటపడుతుంది. ఎవరూ ఎక్కువ గంటలు పనిచేయనక్కర్లేదు.

కాబట్టి లిమిట్లు 4, 2, 3 అని పెట్టాం. అప్పటికే ఉన్నవాటిని విసిరిపారేయలేదు. లెక్క లిమిట్‌లోకి దిగేవరకు కొత్త కార్డు తీసుకోకూడదనుకున్నాం, అంతే.

కొన్నాళ్లకు టెస్టింగ్‌లో మూడూ నిండాయి. వెనక సమీక్షలో రెండూ నిండాయి. కోడ్ ముగించిన ఒక కుర్రవాడు కార్డు ముందుకు జరపలేక నిలబడిపోయి, పైన రాసిన ప్రశ్నే అడిగాడు. "కొత్తది తీసుకోకు. టెస్టింగ్‌లో ఉన్నామె దగ్గరకు వెళ్లి ఏది ఆగిందో అడుగు" అన్నాను. ఇద్దరం వెళ్లాం. టెస్టింగ్ చూసే ఆమె ప్రతి కార్డుకూ నమూనా ఖాతాలు, పాత బిల్లులు చేత్తో ఒక్కొక్కటిగా తయారుచేసుకుంటోంది. పరీక్షించడానికి పట్టేది గంట, దానికి సిద్ధం కావడానికి సగం రోజు. ఆ కుర్రవాడు ఆ మధ్యాహ్నమంతా కూర్చుని, అవి తయారుచేసే చిన్న స్క్రిప్టు రాసిచ్చాడు. అంతకుముందు ఏడు కార్డులు పేరుకున్నప్పుడు ఆమె ఇబ్బంది ఎవరికీ కనబడలేదు, ఎందుకంటే మిగతావాళ్లందరి చేతిలో ఎప్పుడూ ఇంకో కొత్త పని ఉండేది. లిమిట్ దారి మూసింది కాబట్టే అతను తల తిప్పి చూశాడు.

లిమిట్ తగలగానే అంకె పెంచేసే బృందాలను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఈ వారం 3ని 5 చేస్తారు, వచ్చే వారం 7. ఇక బోర్డు పాత గుట్టే. అంకె మార్చకూడదని కాదు. కానీ అడ్డు ఏమిటో కనుక్కున్న తర్వాత, అందరూ కూర్చున్నప్పుడు మార్చాలి. సాయంత్రం హడావిడిలో కాదు. లిమిట్ ఎప్పుడూ తగలకపోతే అది మరీ వదులుగా ఉందని అర్థం, ఒకటి తగ్గించి చూడండి.

అపోహ: ఆగిపోయిన కార్డు లెక్కలోకి రాదు.

వస్తుంది. బయటివారి జవాబు కోసం ఎదురుచూస్తున్న కార్డులకు విడిగా 'ఆగినవి' అని లిమిట్ లేని కాలమ్ పెడితే అదే చెత్తబుట్ట అవుతుంది. కార్డును ఉన్నచోటే ఉంచి ఎర్ర గుర్తు పెట్టండి, ఎవరి కోసం ఆగిందో, ఏ రోజు నుంచో రాయండి. పూర్తయ్యి తర్వాతి కాలమ్‌లో చోటు లేక నిలిచినది కూడా తన కాలమ్ లెక్కలోదే.

అపోహ: రోజువారీ సమావేశంలో ఒక్కొక్కరూ తామేం చేశారో చెప్పాలి.

బోర్డును కుడి నుంచి ఎడమకు చదవండి. పూర్తికి దగ్గరగా ఉన్న కార్డు ముందు, కొత్తది చివర.

అపోహ: అత్యవసరమైతే లిమిట్ వర్తించదు.

అత్యవసరాలకు పైన ఒక వరుస గీయండి, దాని లిమిట్ 1. రెండోది వస్తే రెండింటిలో ఏది ముందో అడిగినవాళ్లే తేల్చుకోవాలి.

మంచి సాఫ్ట్‌వేర్ ఉంటేనే కుదురుతుందనేది కూడా అపోహే. గోడ, రంగు కాగితాలు చాలు. కాగితం మూలన పని మొదలైన తేదీ మాత్రం తప్పక రాయండి. పై బృందంలో ఆ తేదీ చూసే, సమీక్షలో పన్నెండు రోజులుగా కదలని కార్డు ఒకటుందని మాకు తెలిసింది. దాన్ని సమీక్షించాల్సినవారు సెలవులో ఉన్నారు, ఆ పని ఇంకెవరికీ అప్పగించలేదు.