షీట్ నుంచి లిస్టింగ్‌కు స్టాక్, ధరల సింక్: అపోహలు - వాస్తవాలు

అపోహ: సింక్‌ను, అంటే షీట్‌లోని స్టాక్, ధరలను మార్కెట్‌ప్లేస్‌లోని మన లిస్టింగ్‌కు పంపే స్క్రిప్ట్‌ను, ఎంత తరచుగా నడిపితే, లేని సరుకు అమ్ముడుపోయే ప్రమాదం అంత తగ్గుతుంది.

వాస్తవం దీనికి దాదాపు వ్యతిరేకంగా ఉంటుంది. ఒక వస్తువుకు షీట్‌లో 5 అని ఉందనుకుందాం. పది గంటలకు మొదలైన స్క్రిప్ట్ షీట్ మొత్తాన్ని ఒకేసారి చదువుకుంది. వరుసలు చాలా ఉండటం వల్ల ఈ వస్తువు వంతు 10:06కు గానీ రాలేదు. ఈలోగా 10:03కు ఒక కొనుగోలుదారు రెండు కొన్నారు, మార్కెట్‌ప్లేస్ తనంతట తానే లిస్టింగ్‌లో స్టాక్‌ను 3కు తగ్గించింది. 10:06కు మన స్క్రిప్ట్ వచ్చి, ఆ 3 మీద మళ్లీ 5 రాసింది. తర్వాత ఎవరైనా నాలుగు కొంటే, ఒకటి తక్కువపడి ఆర్డర్‌ను రద్దు చేయక తప్పదు.

మనం పంపేది “రెండు తగ్గించు” అనే మార్పు కాదు, “ఇప్పుడు 5 ఉన్నాయి” అనే పూర్తి సంఖ్య. చాలా మార్కెట్‌ప్లేస్ ఏపీఐలు స్టాక్‌ను ఇలాగే తీసుకుంటాయి. అందువల్ల అమ్మకాలను సాయంత్రం కూర్చుని షీట్‌లో ఎక్కించే చోట, ఐదు నిమిషాలకోసారి నడిచే సింక్ ఆ పాత సంఖ్యనే రోజంతా తిరిగి రాస్తూ ఉంటుంది. సింక్ లేకపోతే లిస్టింగ్ కనీసం 3 దగ్గరే ఆగి ఉండేది.

ఇక్కడ మార్చవలసింది వేగాన్ని కాదు, పనుల వరుసను. ప్రతిసారీ ముందుగా కొత్త ఆర్డర్లను తెచ్చుకుని, షీట్‌లో చివరిసారి సరుకు లెక్కపెట్టిన సమయం తర్వాత అమ్ముడైన వాటిని తీసివేసి, మిగిలిన సంఖ్యనే పంపాలి. ఇందుకోసం షీట్‌లో సంఖ్య పక్కన లెక్కపెట్టిన సమయం కూడా ఉండాలి. ఆర్డర్లు తెచ్చుకునేటప్పుడు గత సింక్ సమయం కంటే కొంచెం వెనక నుంచి అడిగి, ఆర్డర్ నంబరును బట్టి ఏదీ రెండుసార్లు లెక్కకు రాకుండా చూసుకోవాలి. చెల్లింపు ఇంకా పూర్తికాని ఆర్డర్లను మనం పంపిన సంఖ్యలోంచి మార్కెట్‌ప్లేసే తీసివేస్తుందా, మనమే తీసివేయాలా అన్నది డాక్యుమెంటేషన్‌లో ముందే చూసుకోవాలి, లేకపోతే రెండు వైపులా తగ్గి, ఉన్న సరుకే అమ్మకానికి కనబడకుండా పోతుంది. ఇంత చేసినా ఆర్డర్లు చదవడానికీ సంఖ్య పంపడానికీ మధ్య కొన్ని క్షణాల ఎడం మిగులుతుంది. కాబట్టి వేగంగా అమ్ముడయ్యే వస్తువులకు చివరి ఒకటి రెండు యూనిట్లను చూపకుండా ఉంచడమే మంచిదని నా అభిప్రాయం.

అపోహ: ఏపీఐ విజయవంతమని చెప్పిందంటే లిస్టింగ్ మారినట్టే.

చాలాసార్లు ఆ జవాబుకు అర్థం “అందింది” అని మాత్రమే. ఉదాహరణకు అమెజాన్‌లో లిస్టింగ్ మార్పు పంపితే వచ్చే `ACCEPTED` అనే స్థితి, ఆ మార్పును ప్రాసెసింగ్‌కు తీసుకున్నారని తెలుపుతుంది. లోపం ఉంటే అది తర్వాత బయటపడవచ్చు. అనేక వస్తువులను ఒకే అభ్యర్థనలో పంపే చోట కొన్ని మారి, కొన్ని తిరస్కరణకు గురికావచ్చు, కనుక ఒక్కో వస్తువు ఫలితాన్నీ విడిగా చదవాలి.

మారిన వరుసలను మాత్రమే పంపే పద్ధతిలో ఇది మరింత నష్టం చేస్తుంది. పంపగానే “చివరగా పంపిన ధర” అనే కాలమ్‌ను నింపేస్తే, తిరస్కరణకు గురైన వరుస కూడా పూర్తయినట్టే కనిపిస్తుంది. షీట్‌లో ధర మళ్లీ మారేదాకా స్క్రిప్ట్ దాని జోలికి పోదు. కొంతసేపటి తర్వాత లిస్టింగ్‌ను తిరిగి చదివి, రెండూ సరిపోయినప్పుడే ఆ కాలమ్ నింపడం సరైన పద్ధతి.

అపోహ: సెల్ ఖాళీగా ఉంటే ఏమీ జరగదు.

జావాస్క్రిప్ట్‌లో, అంటే గూగుల్ షీట్స్‌కు రాసే యాప్స్ స్క్రిప్ట్‌లో కూడా, జరిగేది ఇది:

```
Number("")           // 0
parseFloat("1,299")  // 1
```

మొదటి వరుస వల్ల, ఎవరో పొరపాటున చెరిపేసిన స్టాక్ సెల్ సున్నాగా మారి లిస్టింగ్ అమ్మకం నుంచి తప్పుకుంటుంది. రెండో వరుస ఇంకా ప్రమాదకరం. ధర సంఖ్యగా కాక టెక్స్ట్‌గా నమోదై ఉంటే, కామా దగ్గరే చదవడం ఆగిపోయి 1299కు బదులు 1 అనే ధర వెళ్తుంది. అది చెల్లని ధర కాదు కాబట్టి ఏపీఐ దాన్ని అడ్డుకోకపోవచ్చు కూడా.

ఖాళీ సెల్‌ను, అంకెలు కాని విలువను “తెలియదు” అని భావించి ఆ వరుసను వదిలివేయాలి, సున్నా అని స్పష్టంగా టైప్ చేసినప్పుడో, అమ్ముడైనవి తీసివేయగా సున్నా మిగిలినప్పుడో మాత్రమే సున్నా పంపాలి. పాత ధరకూ కొత్త ధరకూ తేడా మూడో వంతు దాటితే ఆ వరుసను పక్కన పెట్టి మనిషికి చూపాలి. ఒకే సింక్‌లో అయిదో వంతు వస్తువులు ఒక్కసారిగా సున్నాకు చేరితే, అది అమ్మకాల వల్ల కాక షీట్‌లో ఫార్ములా చెడినందువల్లే అయ్యే అవకాశం ఎక్కువ. అప్పుడు ఒక్క వరుస కూడా పంపకుండా సింక్ మొత్తాన్ని ఆపి, బాధ్యులకు వెంటనే సందేశం పంపాలి.